ఒక బిల్లు చుట్టూ యల్లా, వల్లా, హబీబీ

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఏ రాత్రయినా, ఏ హోటల్లోనైనా కనిపించే దృశ్యం ఇది. ఇద్దరు స్నేహితులు భోంచేశారు, టీ కూడా అయింది. వెయిటర్ బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టాడో లేదో రెండు చేతులు ఒకేసారి దాని మీద పడతాయి. "వల్లా మా బ్తిద్‌ఫా" అంటాడు ఒకడు. "లా వల్లా, అలయ్" అంటాడు రెండోవాడు. మొదటివాడు గొంతు తగ్గించి, "హబీబీ, ఖల్లీహా అలయ్" అంటూ బిల్లు లాక్కుంటాడు. రెండోవాడు కాసేపు గొణిగి, "యల్లా, ఇల్ మర్రా ఇల్ జాయే అలయ్" అని కుర్చీలోంచి లేస్తాడు.

తెలుగులో ఇద్దరు స్నేహితులు ఇదే గొడవ పడితే ఇలా ఉంటుంది. "ఒట్టు, నువ్వు కట్టేది లేదు." "కుదరదు, ఒట్టు, ఇవాళ నాది." "ఒరేయ్ నాయనా, నాకొదిలెయ్‌రా." "సరే పద, వచ్చేసారి మాత్రం నేనే కడతా."

నిఘంటువు తీసి చూస్తే వల్లా అంటే 'దేవుడి మీద ప్రమాణం', హబీబీ అంటే 'నా ప్రియతమా', యల్లా అంటే 'ఓ దేవుడా'. ఆ అర్థాలు పెట్టి పై సంభాషణ మళ్లీ చదివితే బిల్లు కోసం ఇద్దరు ప్రేమికులు గుళ్లో దీపం ఆర్పుతున్నట్టు ఉంటుంది. అరబిక్ కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. ఈ మూడు మాటలకూ అర్థం తెలిసినంత మాత్రాన ఉపయోగం లేదు. వాడేవాళ్లు వాటితో ఏం చేస్తున్నారో చూడాలి. పై గొడవలో వల్లా ఒక వాక్యానికి బరువు పెట్టింది. హబీబీ ఇద్దరి మధ్య దూరాన్ని కాస్త తగ్గించింది. యల్లా ఆ ఘట్టాన్ని ముగించి ఇద్దర్నీ తలుపు వైపు నడిపించింది.

మూడింటిలో బాగా అరిగిపోయిన మాట యల్లా. 'యా' అనేది అరబిక్‌లో పిలుపు. పేరు ముందు పెట్టి పిలుస్తారు. 'యా అల్లాహ్' అంటే 'ఓ దేవుడా' అన్నమాట. బరువు ఎత్తేటప్పుడో, పని మొదలుపెట్టేటప్పుడో, ప్రయాణానికి లేచేటప్పుడో దేవుణ్ణి తలుచుకోవడం ఎక్కడైనా ఉన్నదే. అలా తలుచుకున్న మాటే నాలుక మీద కుదించుకుపోయి యల్లా అయింది. చివరికి దేవుడు పోయి, మొదలుపెట్టడం ఒక్కటే మిగిలింది. తెలుగులో 'పెట్టిన డబ్బంతా గోవిందా' అనేవాడికి ఆ క్షణంలో ఏడుకొండలవాడు గుర్తొస్తాడా? రాడు. యల్లాదీ అదే దారి.

ఆ దారి ఎంత దూరం వచ్చిందో చెప్పే సాక్ష్యం రాతలో ఉంది. యల్లాను ఫోన్లో మెసేజ్‌గా రాసేటప్పుడు అరబ్బులు మామూలుగా యా, లామ్, అలిఫ్ అనే మూడక్షరాలతో సరిపెడతారు. దేవుడి పేరులో చివరన ఉండే హా అక్షరం అందులో కనిపించదు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేశారన్నమాట. వల్లాను మాత్రం దాదాపు ఎవరూ అలా కుదించరు. ముందు 'వ' పెట్టి, దేవుడి పేరును పూర్తిగా, ఉన్నదున్నట్టు రాస్తారు. రెండూ ఒకే పేరులోంచి పుట్టిన మాటలే, ఒకే మనిషి ఒకే మెసేజ్‌లో రెండూ రాస్తాడు. అయినా ఒకదాంట్లో దేవుడు లేడని, ఇంకోదాంట్లో ఇంకా ఉన్నాడని అతని వేళ్లకు తెలుసు. వల్లా గురించి మతపరమైన చర్చలు ఉన్నాయి, యల్లా గురించి పెద్దగా లేవు. కారణం వెతకడానికి ఈ స్పెల్లింగ్ కంటే దూరం పోనక్కర్లేదు.

పలకడంలోనూ తేడా తెలుస్తుంది. అల్లాహ్ అనే పేరులోని 'ల్ల'ను అరబ్బులు నోరు లోపల గుండ్రంగా చేసి బరువుగా పలుకుతారు. కైరో వీధుల్లో వినిపించే యల్లాలో ఆ బరువు ఉండదు, 'ల్ల' తేలిగ్గా జారిపోతుంది. మోకాళ్ల నొప్పులతో కుర్చీలోంచి లేస్తున్న ముసలావిడ 'యా అల్లాహ్' అని దీర్ఘంగా మూలిగి, మరుక్షణం మనవణ్ణి 'యల్లా!' అని తొందరపెడుతుంది. ఆమె దృష్టిలో అవి రెండు వేర్వేరు మాటలు. ఇరాన్‌లో పాత మాటకు మరో పని దొరికింది. బయటి మగవాడు ఇంట్లోకి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర 'యా అల్లా' అని గట్టిగా అంటాడు, లోపలి ఆడవాళ్లు పైట ముసుగు సర్దుకోడానికి. మన పల్లెల్లో దగ్గి లోపలికి వచ్చినట్టు.

యల్లా ఇంత పాకిపోవడానికి దాని వ్యాకరణం కూడా కారణమే అనిపిస్తుంది. అరబిక్‌లో ఒక మనిషికి ఆజ్ఞ చెప్పాలంటే అవతలివాళ్లు మగా, ఆడా, ఒకరా, పదిమందా చూసుకోవాలి. 'రా' అనడానికి మగవాడితో తఆల్, ఆడమనిషితో తఆలీ, గుంపుతో తఆలూ. యల్లాకు ఆ బాధ లేదు. చంటిపిల్లాడికీ, బస్సు నిండా ఉన్న జనానికీ, తనకు తాను చెప్పుకోడానికీ కూడా ఒకటే మాట. పక్కన ఏ క్రియ వస్తే దాని రంగు పూసుకుంటుంది. 'యల్లా న్‌రూహ్' అంటే వెళ్దాం పదండి. 'యల్లా తఆల్' అంటే తొందరగా రా. లోపలి గదిలోంచి ఎవరో 'యల్లా యల్లా' అని అరిస్తే వస్తున్నా ఉండమని. ఈజిప్టువాళ్లు 'యల్లా బీనా' అంటే ఇక బయల్దేరదాం అని. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది 'కానీ'. పిల్లాడు అన్నం ముందు కూర్చుని దిక్కులు చూస్తుంటే 'కానీ కానీ' అంటాం, పెద్దవాళ్లతో 'కానివ్వండి' అంటాం. కాకపోతే మన 'కానీ'తో ఫోన్ పెట్టేయలేం. యల్లాతో పెట్టేయొచ్చు.

ఫోన్ పెట్టేయడం అంటే గుర్తొచ్చింది, బేరూత్‌లోనో కైరోలోనో ఒక ఫోన్ సంభాషణ చివర్లో చెవి ఒగ్గితే యల్లా అసలు పని తెలుస్తుంది. చెప్పాల్సిన విషయం అయిపోతుంది. ఒకరు 'యల్లా...' అని సాగదీస్తారు. అది ఇక ముగిద్దామా అనే ప్రతిపాదన. రెండోవాళ్లకు ఏదైనా గుర్తుంటే ఇక్కడే చెప్పాలి, లేకపోతే వాళ్లూ 'యల్లా హబీబీ' అంటారు. అది ఒప్పుకోవడం. ఇంట్లోవాళ్లకు సలాం చెప్పమని ఒక మాట, అలాగే అని ఇంకో మాట, మళ్లీ 'యల్లా', 'యల్లా, మఆ స్సలామె', ఆఖరికి 'యల్లా బై'. నాలుగైదు యల్లాలు లేకుండా చటుక్కున ఫోన్ పెట్టేస్తే కోపం వచ్చిందేమో అనుకుంటారు. మనం 'సరే మరి', 'ఆఁ సరే', 'ఉంటా మరి', 'సరే సరే' అంటూ మెట్లు దిగినట్టు దిగుతామే, అచ్చం అదే. మొదటి యల్లా విని వెంటనే ఫోన్ పెట్టేసేవాడు మొదటి మెట్టు మీంచే దూకేసినట్టు.

వల్లా కథ ఇంత తేలిక కాదు. ముందు ఒక చిన్న అడ్డు తీసేయాలి. ఇంగ్లీషులో చాయ్‌వాలా, డబ్బావాలా లాంటి మాటల్లోని 'వాలా'ను కూడా ఇవే అక్షరాలతో రాయడం వల్ల రెండూ ఒకటే అనుకునేవాళ్లున్నారు. ఏ సంబంధమూ లేదు. అది మన దేశపు ప్రత్యయం, ఇది అరబిక్ ప్రమాణం. ప్రమాణం చేయడానికి అరబిక్‌లో పేరు ముందు పెట్టే చిన్న అక్షరాలు మూడున్నాయి, వ, బి, త. వల్లాహి, బిల్లాహి, తల్లాహి మూడూ 'దేవుడి సాక్షిగా' అనే చెబుతాయి. రోజువారీ మాటలో గెలిచింది మొదటిది. ఈజిప్టులో చివరి 'హి' ఇంకా గట్టిగా వినిపిస్తుంది, లెబనాన్, సిరియా, గల్ఫ్ వైపు అది రాలిపోయి వల్లాహ్ అని ఆగుతుంది. ఔననడానికి ఈజిప్టువాళ్లు వాడే 'ఐవా' కూడా 'ఈ వల్లాహి', అంటే 'అవును, దేవుడి మీద ఒట్టు' అన్న మాట కుదించుకుపోగా మిగిలిందేనని చెబుతారు.

నోటికొచ్చినట్టు వల్లా అనడం ఈ కాలపు కుర్రకారు తెచ్చిన అలవాటని అరబ్ పెద్దలు అప్పుడప్పుడు విసుక్కుంటారు. నిజానికి ఈ అలవాటుకు పద్నాలుగు వందల ఏళ్లు. ఖురాన్ ఐదో అధ్యాయం 89వ వాక్యం ప్రమాణాలను రెండు రకాలుగా విడదీస్తుంది. అనాలోచితంగా నోరు జారిన ప్రమాణాలకు దేవుడు పట్టుకోడు. మనసు పెట్టి చేసినవాటికి పట్టుకుంటాడు. మనసు పెట్టి చేసిన ప్రమాణం తప్పితే పదిమంది పేదలకు భోజనమో బట్టలో పెట్టాలి, లేదా ఒక బానిసను విడిపించాలి, ఏదీ వీలుకాకపోతే 3 రోజులు ఉపవాసం ఉండాలి. మరి అనాలోచితమైన ప్రమాణం అంటే ఏది? ప్రవక్త భార్య ఆయిషా ఇచ్చిన వివరణ బుఖారీ హదీసు సంకలనంలో, అంటే ప్రవక్త మాటలూ నడవడికా చెప్పే కథనాల పుస్తకంలో ఉంది. మనుషులు మాటల మధ్యలో 'లా వల్లాహి', 'బలా వల్లాహి' అంటుంటారే, అదీ అంటుంది ఆమె. అంటే 'లేదు ఒట్టు', 'అవును ఒట్టు'. అమ్మాన్ హోటల్లో బిల్లు మీద చెయ్యేసి స్నేహితుడు అన్న 'లా వల్లా' అక్షరాలా అదే. ఏడో శతాబ్దపు మదీనాలో కూడా జనం ఇలాగే మాట్లాడుకునేవారని దీన్నిబట్టి తెలుస్తుంది. భక్తి ఉన్న మామూలు మనిషి పగలంతా వల్లా వల్లా అంటూ కూడా రాత్రి నిశ్చింతగా నిద్రపోవడానికి ఆధారం కూడా ఇదే.

ఇలా అరిగిన ప్రమాణానికి ఒక చిక్కు ఉంది. ప్రతి వాక్యానికీ ఒట్టు పెడితే ఏ వాక్యానికీ బలం ఉండదు. అప్పుడు నిజంగా నమ్మించాల్సి వస్తే? ఇంకా బరువైనది తీయాలి. ఈజిప్టులో 'వల్లాహి ల్అజీమ్' అంటారు, మహోన్నతుడైన దేవుడి మీద అని. అదీ చాలకపోతే చివర 'తలాతా' చేరుస్తారు, మూడుసార్లు అన్నట్టు లెక్క. 'ఉక్సిము బిల్లాహ్', అంటే 'దేవుడి మీద ప్రమాణం చేస్తున్నాను' అని పూర్తి క్రియతో చెప్పడం ఆ పైమెట్టు. కోర్టుల్లో, పదవీ స్వీకారాల్లో చేసే ప్రమాణం కూడా ఈ తరహాదే. తెలుగులో 'నిజంగా', 'ఒట్టు', 'అమ్మతోడు', 'నా పిల్లల మీద ఒట్టు' అంటూ ఎలా ఎక్కుతామో వాళ్లూ అలాగే ఎక్కుతారు. అవతలివాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూస్తే మాట ఎంతవరకు నమ్మొచ్చో అంచనా దొరుకుతుంది. కాకపోతే ఆ అంచనా తలకిందులుగా పనిచేసే సందర్భాలూ ఉన్నాయి. అడగకముందే పైమెట్టు ఎక్కి కూర్చున్నవాడి మీద అరబ్బులకూ అనుమానమే.

బజారులో ఇది బాగా కనిపిస్తుంది. 'వల్లా, కొన్న రేటుకే ఇస్తున్నా' అనని వ్యాపారి ఉండడు. దీని మీద కూడా హదీసు ఒకటుంది. ఒట్టు సరుకును అమ్మిస్తుంది గాని అందులోని బరకత్‌ను, అంటే దేవుడి దీవెనను తుడిచేస్తుందని. వ్యాపారికి ఆ హదీసు తెలుసు, కొనేవాడికీ తెలుసు, అయినా బేరం వల్లాతోనే నడుస్తుంది. అక్కడ ఆ మాటకు 'ఇంతకంటే తగ్గను' అని అర్థం. కొన్న ధర ఎంతో చెప్పే సమాచారంగా దాన్ని తీసుకునేవాడు పర్యాటకుడే అయ్యుంటాడు.

వల్లా ఏ పని చేస్తోందో పట్టుకోడానికి రెండు విషయాలు గమనిస్తే చాలావరకు సరిపోతుంది. ఒకటి గొంతు. ఎవరో ఒక కబురు చెబితే విన్నవాడు చివర పైకి లేపుతూ 'వల్లాహి?' అంటాడు. అది 'అవునా? నిజమా?' అని అడగడం. దానికి జవాబు కూడా 'వల్లాహి'నే, ఈసారి గొంతు కిందికి దింపి. ప్రశ్నా జవాబూ ఒకటే మాట, రాగం ఒక్కటే తేడా. మన పిల్లలు 'ఒట్టు?' 'ఒట్టు!' అనుకున్నట్టు. రెండోది అది వాక్యంలో ఎక్కడ కూర్చుందన్నది. అడిగిన ప్రశ్నకు జవాబు వల్లాతో మొదలై, ఆ తర్వాత చిన్న విరామం వస్తే, రాబోయేది బహుశా అడిగినవాడికి నచ్చే జవాబు కాదు. 'రేపటికి పని అవుతుందా?' అని అడిగితే 'వల్లాహ్... యఅనీ...' అని మొదలుపెట్టినవాడు రేపటికి కాదనే చెబుతున్నాడు. అక్కడ వల్లా ప్రమాణం కానే కాదు. 'ఏం చెప్పమంటారు...' అంటూ మెత్తగా కూర్చోబెట్టే ముందుమాట. అదే వల్లా వాక్యం చివర చేరితే ఉన్న మాటకు గట్టి మేకు కొట్టినట్టు.

అతిథి మర్యాదలో మాత్రం వల్లాకు కొంత పాత బలం మిగిలే ఉంది. బిల్లు దగ్గర 'వల్లా నువ్వు కట్టేది లేదు' అన్నవాడు తన మనసు గురించి చెప్పడం లేదు, అవతలివాడి చేయి కట్టేస్తున్నాడు. ఇప్పుడు ఆ అవతలివాడు డబ్బు కడితే స్నేహితుడి ఒట్టు తప్పించినట్టవుతుంది. అందుకే అతను మామూలుగా వద్దనకుండా తన సొంత ఒట్టుతో 'లా వల్లా' అని ఎదుర్కొంటాడు. ఒట్టుకు ఒట్టే విరుగుడు. పల్లెల్లో, తెగల మధ్య ఇది ఇంకా ముదిరి 'అలయ్య ఇత్తలాక్' దాకా పోతుంది. నువ్వు తినకుండా వెళ్తే నా పెళ్లాంతో తలాక్ అయినట్టే అని. ఒక ముద్ద ఎక్కువ తినిపించడానికి కాపురాన్ని పణంగా పెట్టడం వినడానికి నవ్వొస్తుంది గాని, ఇలాంటి ఒట్టు తప్పితే విడాకులు చెల్లుతాయా లేదా అని పండితులు నిజంగానే తలలు పట్టుకున్నారు.

హబీబీ దగ్గరికొస్తే తెలుగువాళ్లకు ఒక చుట్టరికం ఉంది, చాలామంది గమనించనిది. అరబిక్ మాటలు ఎక్కువగా మూడు హల్లుల మూలాల మీద నిలబడతాయి. హ-బ-బ అనే మూలంలో ప్రేమ ఉంది. దాన్నుంచి ప్రేమకు పాత్రుడైనవాడు హబీబ్, 'నా' అనే 'ఈ' చేరితే హబీబీ. అదే మూలం ఉర్దూ దారిలో మనకు మొహబ్బత్‌గా వచ్చింది. అదే మూలం నుంచి ప్రేమించబడినవాడు మహబూబ్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన మహబూబ్‌నగర్ బోర్డు చూసిన ప్రతిసారీ హబీబీకి అన్న వరసయ్యే మాటను చదువుతున్నట్టే. ఒకటే తేడా, ఆ మొదటి 'హ'. అరబ్బులు దాన్ని గొంతు అడుగున బిగబట్టి, వేడి టీ ఊదినట్టు పలుకుతారు. మన 'హ'తో అన్నా అర్థమవుతుంది గాని అరబ్బు కాదని తెలిసిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేటప్పుడు ఈ 'హ'కు అక్షరం లేక అరబ్ యువత అంకె పెట్టుకుంది. అరబిక్ అక్షరం ఆకారం ఏడు అంకెను తలపిస్తుందని 7abibi అని రాస్తారు. మామూలు హెచ్‌తో రాసినవాళ్లు అందరూ బయటివాళ్లని కాదు గాని, 7 కనిపిస్తే మాత్రం రాసినవాడు లోపలివాడే.

ఆడమనిషితో హబీబ్తీ అనాలి. వ్యాకరణం అంతే చెబుతుంది. వాడుక అంత తిన్నగా లేదు. ప్రేమపాటల్లో పాడేది మగవాడైనా, ప్రియురాలిని ఉద్దేశించినా హబీబీ అనే పుంలింగమే వాడటం పాత ఆనవాయితీ. ఇంట్లో తల్లి కూతుర్ని కూడా హబీబీ అని ముద్దుచేయడం వినిపిస్తుంది. ఇంకా ఆసక్తికరమైనది, లెబనాన్, సిరియా, పాలస్తీనా ఇళ్లలో తల్లి తన పిల్లల్ని 'మామా' అనీ, తండ్రి 'బాబా' అనీ పిలుస్తారు. 'యల్లా మామా, కులీ' అంటే 'కానీ తల్లీ, తిను' అని కూతురితో. మామా అంటే అమ్మ, అంటే తల్లే కూతుర్ని అమ్మా అంటోంది. తెలుగువాళ్లకు ఇది వింతగా తోచదు, మనమూ కొడుకుని నాన్నా అనీ, కూతుర్ని అమ్మా, తల్లీ అనీ పిలుస్తాం కదా. కానీ లెక్క వేరు. మనం పిల్లను బట్టి మాట ఎంచుకుంటాం, కొడుకైతే నాన్న, కూతురైతే అమ్మ. వాళ్లు పిలిచేవాళ్లను బట్టి ఎంచుకుంటారు. తల్లి నోట కొడుకు కూడా మామానే, తండ్రి నోట కూతురు కూడా బాబానే. తన పేరునే పిల్లలకు తొడిగినట్టు.

ఇంటి బయట హబీబీ ప్రేమ మాట కాదు, దూరం సర్దే మర. ట్యాక్సీ డ్రైవరు, కూరగాయలమ్మేవాడు, క్యూలో ముందున్నవాడు, మగవాళ్లు మగవాళ్లను నిరభ్యంతరంగా హబీబీ అనుకుంటారు. 'బాసూ', 'అన్నా', 'గురూ' అనేవి మనకు చేసే పని అది చేస్తుంది. అందుకే ఎవరితో అనకూడదో కూడా ఆ మాటల్నిబట్టే ఊహించొచ్చు. పరిచయం లేని ఆడమనిషిని ఒక మగవాడు హబీబ్తీ అంటే చనువు తీసుకున్నట్టే. ఆడవాళ్లు ఆడవాళ్లను అనుకుంటే ఏమీ లేదు. వయసులో పెద్దవాణ్ణి, పాస్‌పోర్టు మీద స్టాంపు వేసే అధికారిని కొత్తవాడు హబీబీ అంటే వాళ్లు నవ్వి ఊరుకోవచ్చు, ఊరుకోకపోనూవచ్చు. చనువు ఇచ్చేది పైన ఉన్నవాడు, తీసుకునేది కింద ఉన్నవాడు కాకూడదు. ఈ సూత్రం మన ఆఫీసుల్లో ఎలా పనిచేస్తుందో అక్కడా అలాగే పనిచేస్తుంది.

హబీబీలో అసలు ప్రమాదం మరోటి. అది కోపంలోనూ వస్తుంది. 'షూఫ్ హబీబీ' అంటూ మొదలై, ఆ తర్వాత గొంతు నెమ్మదించి, ఒక్కో మాటా విడివిడిగా వస్తే జాగ్రత్త పడాల్సిందే. 'చూడు బాబూ...' అని మన హెడ్మాస్టర్ మొదలుపెట్టినప్పుడు పిల్లలెవరూ దాన్ని ముద్దు అనుకోరు. మాట చివర తోకలా వేలాడే హబీబీ సాధారణంగా మెత్తనిది. మాట మొదట్లో విరామంతో వచ్చేది హెచ్చరిక. ఈజిప్టులో ఏదైనా ఘోరం కంటపడితే 'యా హబీబీ!' అని వెటకారంగా నిట్టూరుస్తారు, అప్పుడు అక్కడ ప్రియతముడూ లేడు, ఎదుటి మనిషీ లేడు. 'హబీబీ, కమ్ టు దుబాయ్' అంటూ మన ఫోన్లలో తిరిగే మీమ్‌లో ఉన్నది ఈ వాడుకల్లో ఏదీ కాదు. అది అరబ్బు వేషం వేసుకున్న బయటివాడి హబీబీ.

ఈ మాటలు సరిహద్దులు దాటినప్పుడు ఏం మిగుల్చుకుంటాయో, ఏం వదిలేస్తాయో చూడటం బాగుంటుంది. ఇజ్రాయెల్‌లో యూదులు హీబ్రూ మాట్లాడుతూ ఫోన్ చివర 'యల్లా బై' అంటారు. వాళ్ల 'వాలా'లో ఒట్టు పూర్తిగా రాలిపోయి, 'ఓహో, అలాగా' మాత్రం మిగిలింది. బెర్లిన్ వీధుల్లో తుర్కు, అరబ్, జర్మన్ కుర్రాళ్లు కలిసి మాట్లాడే జర్మన్‌ను భాషావేత్త హైకే వీసె చాలాకాలం అధ్యయనం చేశారు. అక్కడ ఇస్లాంతో సంబంధం లేని జర్మన్ పిల్లలు కూడా 'నిజంగా' అనడానికి వల్లా అంటారు. అరబిక్ తెలియని నోళ్లలో దేవుడు ఇంకా తేలిగ్గా కరిగిపోతాడు.

గల్ఫ్‌లో జరిగింది ఇంకో రకం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ పని నేర్పింది క్లాసు అరబిక్ కాదు. అరబ్బులు, మలయాళీలు, బెంగాలీలు, ఫిలిప్పీన్స్‌వాళ్లు, మనవాళ్లు ఒకరితో ఒకరు సైట్ల మీద, వంటింట్లో మాట్లాడుకోడానికి తయారైన ఒక మొండి అరబిక్ ఉంది. దీన్ని భాషావేత్త జె. ఆర్. స్మార్ట్ 1990లో వివరించారు, ఇప్పుడు గల్ఫ్ పిడ్జిన్ అంటున్నారు. ఇందులో క్రియకు రూపాలు ఉండవు. 'అనా మాఫీ రూహ్' అంటే నేను వెళ్లలేదు, వెళ్లడం లేదు, వెళ్లను, మూడూ అదే. సందర్భమే కాలం చెప్పాలి. 'మాఫీ మాలూమ్' అంటే తెలియదు. నేరుగా పొమ్మనడానికి ట్యాక్సీవాడికి 'సీదా' అంటే చాలు. ఆ మాట మన ఉపఖండం నుంచే వెళ్లి గల్ఫ్ అరబ్బుల సొంత మాటయిపోయింది.

ఈ మొండి భాషలో యల్లాకు పెద్ద ఉద్యోగమే దొరికింది. రూపాలు మారని మాట గనక రూపాలు లేని భాషలో సరిగ్గా ఇమిడింది. మేస్త్రీ నోట 'యల్లా' అంటే మొదలుపెట్టు, 'యల్లా యల్లా' అంటే చాలా ఆలస్యమైంది, 'యల్లా రూహ్' అంటే ఇక పో, 'యల్లా ఖలాస్' అంటే ఇవాళ్టికి అయిపోయింది. ఈ ఆఖరి ఖలాస్ తెలుగువాళ్లు వెళ్లేముందే ఎరిగిన మాట, ఉర్దూ మీదుగా వచ్చి మన దగ్గర 'ఖల్లాస్' అయి కాస్త హింస నేర్చుకుంది. అరబిక్‌లో అది 'చాలు, అయిపోయింది' మాత్రమే. మొదటి వారం గల్ఫ్‌లో ఎవరో తనవైపు చూసి ఖలాస్ అంటే ఉలిక్కిపడిన తెలుగువాళ్లు ఉండే ఉంటారు.

వల్లా, హబీబీ మాత్రం ఆ సైట్ల మీద అంత సులువుగా చేతులు మారలేదు. మన పనివాణ్ణి పిలవడానికి అక్కడివాళ్లకు 'రఫీక్' ఉంది, 'సదీక్' ఉంది. రెండూ స్నేహితుడనే అర్థమే. కానీ అరబ్బులు తమలో తాము హబీబీ అనుకుంటూ, పక్కన ఇటుకలు మోస్తున్నవాణ్ణి రఫీక్ అన్నప్పుడు ఆ స్నేహం ఎంత దూరంలో నిలబడి ఉందో ఇద్దరికీ తెలుసు. కొన్నేళ్లకు, ఏ సాయంత్రమో టీ తాగుతూ, అదే యజమాని పొరపాటునో కావాలనో 'హబీబీ' అని పిలిస్తే పనివాడు తల తిప్పి చూస్తాడు, తననేనా అని.